రష్యా విప్లవం అధ్యాయంలో చెదిరిన తేదీలను ఆధారాలతో ఒకే పట్టికగా పేర్చడం ఎలా

రష్యా విప్లవం మీద ఒక అధ్యాయం చదువుతున్నారనుకోండి. ఒక పేజీలో పెట్రోగ్రాడ్ మిల్లుల్లోని మహిళా కార్మికులు 1917 మార్చి 8న పని ఆపి వీధుల్లోకి వచ్చారని ఉంటుంది. రెండు పేజీలు తిప్పాక, జార్ రెండవ నికోలస్ మార్చి 2న సింహాసనం వదులుకున్నాడని ఉంటుంది. మామూలుగా చదువుకుంటూ పోతే ఇది కంటికి ఆనదు. రెండింటినీ తేదీల వరుసలో పెట్టగానే మాత్రం, ఆందోళన మొదలవడానికి ఆరు రోజుల ముందే జార్ దిగిపోయినట్టు కనిపిస్తుంది.

అప్పట్లో రష్యాలో జూలియన్ క్యాలెండర్ నడిచేది, ఇదే పాత లెక్క. మిగతా యూరప్‌లో చాలా దేశాలు గ్రెగోరియన్ క్యాలెండర్ వాడేవి, ఇదే కొత్త లెక్క. 1917లో ఈ రెండింటికీ తేడా 13 రోజులు. అధ్యాయం రాసినవారు ఒక తేదీని కొత్త లెక్కలో, ఇంకో తేదీని పాత లెక్కలో ఇచ్చారు, ఆ సంగతి చెప్పలేదు. కొత్త లెక్కలో జార్ దిగిపోయింది మార్చి 15న. ఫిబ్రవరి విప్లవం మార్చిలో, అక్టోబర్ విప్లవం నవంబర్‌లో వచ్చినట్టు పుస్తకాల్లో కనిపించడానికి కారణం కూడా ఇదే.

కాలక్రమ పట్టిక తయారుచేయడం నేర్చుకోవాలంటే నేను ఈ అధ్యాయంతోనే మొదలుపెట్టమంటాను. తేదీలు సేకరించడం, ఏ లెక్కలోవో తేల్చడం, ఒక్కోదానికి ఆధారం రాయడం, చివర్లో సరిచూడడం, ఇవన్నీ ఇందులో తప్పనిసరిగా చేయాల్సి వస్తుంది. ఏది వదిలేసినా పట్టికలోనే తప్పు బయటపడుతుంది.

ముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

పెన్సిల్ పట్టుకుని అధ్యాయం మొదటి నుంచి చివరి వరకు చదవండి. తేదీ కనిపించిన ప్రతి చోటా గీత గీయండి. తర్వాత ఒక్కో తేదీని ఒక్కో వరుసలో, పేజీల క్రమంలోనే రాయండి. పక్కన పేజీ నంబరు, ఆ పేజీలో ఎన్నో పేరా అన్నది రాయండి. ఈ దశలో ఏదీ మార్చవద్దు. పుస్తకం "మార్చి 2" అంటే మార్చి 2 అనే రాయండి, "1917 మొదట్లో" అంటే ఆ మాటే రాయండి. ఇక్కడే దిద్దడం మొదలుపెడితే, ఏది పుస్తకంలో ఉన్నది, ఏది మీరు మార్చినది అన్నది వారం తర్వాత మీకే తెలియదు.

అంకెల్లో ఉన్న తేదీలు దొరకడం సులభం. మాటల్లో దాగిన తేదీలే జారిపోతాయి. "మరునాడు అతని తమ్ముడు మైఖేల్ కూడా సింహాసనాన్ని నిరాకరించాడు" అన్న వాక్యంలో అంకె ఒక్కటీ లేదు, అయినా అదొక తేదీయే. ఆ "మరునాడు" అన్నది ఏ రోజుకు మరునాడో వెనక్కి వెళ్లి పట్టుకోవాలి. నికోలస్ మార్చి 2 అయితే మైఖేల్ మార్చి 3, అదే లెక్కలో. ఇలాంటి వరుసల్లో "నికోలస్ వరుస నుంచి లెక్కించినది" అని గమనిక రాసి ఉంచండి. రేపు నికోలస్ తేదీని మార్చాల్సి వస్తే దీన్ని కూడా మార్చాలని అప్పుడే గుర్తుకొస్తుంది. "అదే ఏడాది", "రెండు నెలల తర్వాత", "యుద్ధం మొదలైన మూడో ఏట" లాంటి మాటల కోసం అధ్యాయాన్ని ఇంకోసారి ప్రత్యేకంగా చదవడం మంచిది. నేనైతే రెండోసారి చదివేటప్పుడు అంకెలు అసలు చూడను, ఈ మాటల కోసమే వెతుకుతాను.

పట్టికలో అన్ని తేదీలూ ఉండాల్సిన పని లేదు. ఎవరో నాయకుడు పుట్టిన సంవత్సరం, జనాభా లెక్క తీసిన ఏడాది వంటివి కథను ముందుకు నడపవు. వాటిని వేరే కాగితం మీద పెట్టేయండి.

ఏ క్యాలెండరో తేల్చండి

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, తొందరపడకండి. ముందుగా అధ్యాయం మొదట్లోనో ఫుట్‌నోట్‌లోనో "తేదీలన్నీ పాత క్యాలెండర్ ప్రకారం" లాంటి వాక్యం ఉందేమో చూడండి. ఉన్నా పూర్తిగా నమ్మేయకుండా ఒకటి రెండు తేదీలను పరీక్షించండి.

పరీక్షించడానికి వారం పేరు బాగా పనికొస్తుంది. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్‌కు వినతిపత్రం ఇవ్వడానికి ఊరేగింపుగా వెళ్లిన కార్మికుల మీద సైనికులు కాల్పులు జరిపారు. దాన్ని రక్తసిక్త ఆదివారం అంటారు. చాలా పుస్తకాల్లో దాని తేదీ జనవరి 9. స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడిలో ఇది టైప్ చేయండి:

```
=TEXT(DATE(1905,1,9),"dddd")
```

సోమవారం అని వస్తుంది. ఆదివారం జరిగిన ఘటన సోమవారం పడకూడదు కదా. స్ప్రెడ్‌షీట్ కొత్త క్యాలెండర్‌తోనే లెక్క వేస్తుంది కాబట్టి, పుస్తకం ఇచ్చిన జనవరి 9 పాత లెక్కలోనిదని తేలిపోయింది. అదే ఫార్ములాలో 9 తీసేసి 22 పెడితే ఆదివారం వస్తుంది. 9కి 13 కలిపితే 22, అంతా సరిపోయింది. అధ్యాయంలో ఎక్కడ వారం పేరు కనిపించినా ఇలా ఒకసారి చూసుకోండి. 1917 మహిళా కార్మికుల సమ్మె మొదలైంది గురువారం. మార్చి 8ని పరీక్షిస్తే గురువారమే వస్తుంది, కాబట్టి ఆ తేదీ కొత్త లెక్కలోదే. పాత లెక్కలో అది ఫిబ్రవరి 23.

తేదీ పాత లెక్కలోదని తేలాక మార్చడం సులభం:

```
=DATE(1917,2,23)+13
```

జవాబు మార్చి 8. నెల మారే చోట వేళ్ల మీద లెక్కపెడితే పొరపాటు జరగడం మామూలే, అందుకని ఫార్ములాకే వదిలేయండి.

అయితే ఈ 13 అన్ని కాలాలకూ పనికిరాదు. 1800 మార్చి నుంచి 1900 ఫిబ్రవరి వరకు తేడా 12 రోజులే. 1900వ సంవత్సరం జూలియన్ క్యాలెండర్‌లో లీపు సంవత్సరం, గ్రెగోరియన్‌లో కాదు, అక్కడే ఇంకో రోజు తేడా పెరిగింది. మీ అధ్యాయం 1861లో అర్ధబానిసలకు విముక్తి ప్రకటించడంతో మొదలైతే, ఫిబ్రవరి 19కి 12 కలపాలి, అప్పుడు మార్చి 3 వస్తుంది. 13 కలిపి మార్చి 4 అని రాసిన పట్టికలు నేను చూశాను. ఇంకో మాట, ఎక్సెల్‌లో DATE ఫార్ములాలో 1900కి ముందు సంవత్సరం ఇస్తే దానికి 1900 కలిపేస్తుంది. 1861 అని ఇస్తే 3761వ సంవత్సరం తేదీ వస్తుంది. కాబట్టి ఈ ఒక్క వరుసను చేత్తోనే లెక్కవేయండి.

కలపకూడని చోట కలపడం కూడా తప్పే. జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించింది 1914 ఆగస్టు 1న. మొదటి ప్రపంచయుద్ధం గురించిన పుస్తకాల్లో ఉండే ఈ తేదీ ముందే కొత్త లెక్కలోది, పాత లెక్కలో అది జూలై 19. రష్యా ఘటన కదా అని 13 కలిపితే యుద్ధం రెండు వారాలు ఆలస్యంగా మొదలవుతుంది.

1918లో బోల్షెవిక్ ప్రభుత్వం క్యాలెండర్ మార్చింది. జనవరి 31 తర్వాతి రోజును ఫిబ్రవరి 14గా లెక్కించారు. అక్కడి నుంచి రష్యా తేదీలకు ఏమీ కలపకూడదు. నా మొదటి పట్టికలో బ్రెస్ట్-లిటోవ్‌స్క్ ఒప్పందాన్ని మార్చి 16 అని రాసేశాను, అసలు తేదీ మార్చి 3. వరుసగా ఇరవై తేదీలకు 13 కలుపుతూ వచ్చి, ఇరవై ఒకటో దానికి కూడా చెయ్యి అలవాటుగా కలిపేసింది. అప్పటి నుంచి నా జాబితాలో 1918 ఫిబ్రవరి దగ్గర అడ్డంగా ఎర్ర గీత గీసి పెట్టుకుంటున్నాను.

ఒక్కో తేదీకి ఆధారం

ఆధారం అంటే ఆ ఘటన గురించి చెప్పే పుస్తకం అని చాలామంది అనుకుంటారు. మనకు కావలసింది ఆ తేదీని చెప్పే ఆధారం. జార్ దిగిపోయాడని వంద పుస్తకాలు చెబుతాయి. ఏ రోజు, ఏ క్యాలెండర్‌లో అన్నది చెప్పేదే మీ గడిలోకి రావాలి.

ప్రతి వరుసకూ నేను రెండు రకాల ఆధారాలు రాస్తాను. మొదటిది అధ్యాయంలో ఎక్కడ ఉంది, పేజీ, పేరా. రెండోది బయటి ఆధారం. వీలైతే ఆ రోజే పుట్టిన పత్రం, డిక్రీ, ప్రకటన, ఒప్పందం లాంటిది. అది దొరకకపోతే ఈ అధ్యాయంతో సంబంధం లేని మరో చరిత్ర పుస్తకం. ఆ రెండో పుస్తకం మీ అధ్యాయం నుంచే తీసుకుని రాసి ఉంటే ఒకే ఆధారాన్ని రెండుసార్లు చూసినట్టే లెక్క. రెండింటిలో వాక్యాలు అవే మాటల్లో ఉంటే అనుమానించి ఇంకోటి వెతకండి.

పత్రం దొరికితే పని అయిపోయిందనుకోవద్దు, అందులోని తేదీ దేనిదో చూడాలి. నికోలస్ ప్స్కోవ్‌లో రైలు పెట్టెలో సంతకం చేసిన పత్రం మీద మార్చి 2, మధ్యాహ్నం 3 గంటల 5 నిమిషాలు అని ఉంటుంది. నిజానికి సంతకం జరిగింది ఆ రాత్రి 11.40 ప్రాంతంలో. రష్యా పార్లమెంటు అయిన డూమా నుంచి వచ్చిన ఇద్దరు ప్రతినిధుల ఒత్తిడికి లొంగినట్టు కనిపించకుండా, వాళ్లు రాకముందే తాను నిర్ణయం తీసుకున్న సమయాన్ని పత్రం మీద వేశారు. తేదీ మారలేదు కాబట్టి మన వరుస క్షేమంగానే ఉంది. గంటల వారీగా పట్టిక వేసేవారు మాత్రం పత్రాన్నే నమ్ముకుంటే దెబ్బతింటారు. గమనిక గడిలో "పత్రంపై మధ్యాహ్నం, సంతకం రాత్రి" అని రాసుకోండి.

అక్టోబర్ దగ్గర ఇది ఇంకా ముఖ్యం. పెట్రోగ్రాడ్ సోవియట్ సైనిక విప్లవ కమిటీ, తాత్కాలిక ప్రభుత్వం కూలిపోయిందని చెబుతూ రష్యా పౌరులకు ఒక ప్రకటన విడుదల చేసింది. దాని మీద అక్టోబర్ 25, ఉదయం 10 గంటలు అని ఉంది. ఆ సమయానికి మంత్రులు ఇంకా వింటర్ ప్యాలెస్‌లోనే ఉన్నారు. వాళ్లను అరెస్టు చేసింది 26 తెల్లవారుజామున 2 గంటల తర్వాత. అధ్యాయంలో "అక్టోబర్ 25న ప్రభుత్వం కూలిపోయింది" అని ఒక్క వాక్యం ఉంటుంది. దాన్ని ఒకే వరుసగా రాసి ప్రకటనను ఆధారంగా పెడితే, జరగని పనికి ఆధారం చూపించినట్టవుతుంది. దీన్ని రెండు వరుసలుగా విడగొట్టండి. ప్రకటన వెలువడడం ఒకటి, మంత్రుల అరెస్టు ఇంకొకటి. మొదటిదానికి ప్రకటన పాఠమే ఆధారం, రెండోదానికి ఆ రాత్రి సంగతులు వివరంగా చెప్పే పుస్తకం కావాలి.

1861 విముక్తి కూడా అంతే. జార్ రెండవ అలెగ్జాండర్ సంతకం పెట్టింది పాత లెక్క ఫిబ్రవరి 19న, జనానికి ప్రకటించింది మార్చి 5న. రెండు పుస్తకాలు రెండు తేదీలు చెప్పాయంటే వాటిలో ఒకటి తప్పని తేల్చేయకుండా, అవి చెబుతున్నది ఒకే ఘటన గురించేనా అని ముందు చూడండి.

ఆధారం గడిలో పుస్తకం పేరు, పేజీ, అందులో తేదీ ఏ లెక్కలో ఉందన్నది, ఈ మూడూ ఉండాలి. మూడోది రాయకపోతే ఆరు నెలల తర్వాత సరిచూసేటప్పుడు మళ్లీ మొదటికి రావలసి ఉంటుంది.

పట్టికలో పేర్చడం

స్ప్రెడ్‌షీట్ అయినా కాగితం అయినా ఐదు గడులు చాలు. మొదటి గడి వరుస కోసమే. అందులో కొత్త లెక్క తేదీని ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు వచ్చేలా 1917-03-15 అని రాయండి. నెలకు, రోజుకు తప్పక రెండేసి అంకెలు ఉండాలి. ఈ గడికి టైప్ చేయడానికి ముందే ఫార్మాట్‌ను Text అని పెట్టండి. లేకపోతే ఎక్సెల్ 1917 తేదీలను తేదీలుగా మార్చేసి, 1900కి ముందువాటిని మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. వరుస పెట్టగానే 1861 వెళ్లి పట్టిక అడుగున, 1918 కింద కూర్చుంటుంది. అలా కనిపిస్తే తప్పు ఫార్మాట్‌లోనే ఉందని అర్థం చేసుకోండి.

నెల మాత్రమే తెలిసిన ఘటనకు 1917-03 అని ఆపేయండి, ఊహించి 01 అని రోజు వేయకండి. అక్షరాల వరుసలో అది ఆ నెల తేదీలన్నింటికంటే ముందు నిలబడుతుంది. అది నిజంగా నెల మొదట్లో జరిగిందని చదివేవారు అనుకోకుండా గమనికలో "రోజు తెలియదు" అని రాయండి. పాత లెక్కలో నెల మాత్రమే ఉన్నప్పుడు ఇంకో చిక్కుంది. పాత ఫిబ్రవరిలో రెండో సగం కొత్త మార్చిలోకి పోతుంది. అలాంటప్పుడు "కొత్త లెక్కలో ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్య వరకు" అని గమనికలో రాసి, మొదటి గడిలో 1917-02 అనే ఉంచడం నిజాయితీగా ఉంటుంది.

నా పట్టిక ఇలా వచ్చింది. పేజీ, పేరా నంబర్లు నమూనా కోసమే, మీ పుస్తకంలోవి మీరు వేసుకోండి.

| కొత్త లెక్క | పాత లెక్క | ఘటన | ఆధారం | గమనిక |
|---|---|---|---|---|
| 1861-03-03 | ఫిబ్రవరి 19 | అర్ధబానిసల విముక్తి ప్రకటనపై సంతకం | పే. 2, పేరా 1. ప్రకటన పాఠం | తేడా 12 రోజులు. ప్రజలకు ప్రకటించింది తర్వాత |
| 1905-01-22 | జనవరి 9 | రక్తసిక్త ఆదివారం | పే. 4, పేరా 2. రెండో చరిత్ర పుస్తకం | వారం సరిచూశాను |
| 1905-10-30 | అక్టోబర్ 17 | జార్ అక్టోబర్ ప్రకటన | పే. 4, పేరా 4. ప్రకటన పాఠం | |
| 1914-08-01 | జూలై 19 | రష్యాపై జర్మనీ యుద్ధ ప్రకటన | పే. 5, పేరా 1. రెండో చరిత్ర పుస్తకం | అధ్యాయంలో కొత్త లెక్కే |
| 1917-03-08 | ఫిబ్రవరి 23 | పెట్రోగ్రాడ్ మహిళా కార్మికుల సమ్మె | పే. 6, పేరా 1. రెండో చరిత్ర పుస్తకం | అధ్యాయంలో కొత్త లెక్కే |
| 1917-03-15 | మార్చి 2 | నికోలస్ సింహాసనం వదులుకోవడం | పే. 8, పేరా 1; సంతకం చేసిన పత్రం | పత్రంపై మధ్యాహ్నం, సంతకం రాత్రి |
| 1917-03-16 | మార్చి 3 | మైఖేల్ నిరాకరణ | పే. 8, పేరా 1. రెండో చరిత్ర పుస్తకం | "మరునాడు" నుంచి లెక్క |
| 1917-04-16 | ఏప్రిల్ 3 | లెనిన్ పెట్రోగ్రాడ్ చేరడం | పే. 9, పేరా 2. ఇంకా లేదు | రాత్రి |
| 1917-11-07 | అక్టోబర్ 25 | ప్రభుత్వం కూలిందన్న ప్రకటన | పే. 11, పేరా 1. ప్రకటన పాఠం | ఉదయం 10 |
| 1917-11-08 | అక్టోబర్ 26 | మంత్రుల అరెస్టు | పే. 11, పేరా 1. రెండో చరిత్ర పుస్తకం | అధ్యాయం 25 అంటుంది |
| 1918-01-18 | జనవరి 5 | రాజ్యాంగ పరిషత్ సమావేశం | పే. 12, పేరా 3. రెండో చరిత్ర పుస్తకం | |
| 1918-03-03 | వర్తించదు | బ్రెస్ట్-లిటోవ్‌స్క్ ఒప్పందం | పే. 13, పేరా 1. ఒప్పంద పాఠం | క్యాలెండర్ మారాక |

సరిచూడడం

పట్టికను పై నుంచి కిందికి కథలా గట్టిగా చదవండి. ఫలితం కారణం కంటే ముందు వచ్చిన చోట ఆగండి, అక్కడ దాదాపు ఎప్పుడూ రెండు క్యాలెండర్లు కలిసిపోయి ఉంటాయి. తర్వాత కొత్త లెక్కకూ పాత లెక్కకూ తేడా ప్రతి వరుసలో చూడండి. 1900కి ముందు 12, తర్వాత 13 కాకుండా ఇంకేదైనా వస్తే లెక్క తప్పింది. 1918 ఫిబ్రవరి 14 తర్వాతి వరుసల్లో పాత లెక్క గడి ఖాళీగానో "వర్తించదు" అనో ఉండాలి. రష్యా పత్రం ఏదైనా 1918 ఫిబ్రవరి 1 నుంచి 13 లోపు తేదీతో కనిపిస్తే దాన్ని విడిగా పరిశీలించండి. ఆ రోజులు అక్కడి అధికార క్యాలెండర్‌లో లేవు కాబట్టి ఎవరో తర్వాత మార్చి రాసిన తేదీ అయి ఉండాలి, లేదా అచ్చు తప్పు.

చివరగా అధ్యాయంలో గీతలు గీసిన చోట్లు లెక్కపెట్టండి. పట్టికలోని వరుసలు, పక్కన పెట్టిన కాగితంలోని వరుసలు కలిపితే ఆ సంఖ్య రావాలి. అక్టోబర్ 25లా విడగొట్టిన వరుసను ఒకటిగానే లెక్కపెట్టండి. తక్కువ వస్తే ఏ పేజీలోదో జారిపోయింది.

బయటి ఆధారం దొరకని వరుస ఉంటే తీసేయకండి. నా పట్టికలో లెనిన్ రాక దగ్గర ఉన్నట్టే అధ్యాయం పేజీ రాసి, పక్కన "ఇంకా లేదు" అని ఉంచండి. పట్టిక పైన శీర్షిక కింద "వరుస కొత్త క్యాలెండర్ ప్రకారం, రష్యాలో అప్పటి తేదీ రెండో గడిలో" అని ఒక వాక్యం రాస్తే, అక్టోబర్ విప్లవం నవంబర్‌లో ఎందుకుందని ఎవరూ అడగాల్సిన అవసరం రాదు.